వార్డు నర్సు అప్రైజల్ ఫారం ఎక్కడ మొదలవ్వాలి?

ప్రశ్న: ఎంఏ సైకాలజీ మొదటి ఏడాది చదువుతున్నాను. జాబ్ అనాలిసిస్, పెర్ఫార్మెన్స్ అప్రైజల్, మోటివేషన్ మూడు వేర్వేరు చాప్టర్లుగా ఉన్నాయి. నిర్వచనాలు వచ్చేశాయి గానీ ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో తెలియడం లేదు. ఏదైనా ఒక మామూలు ఉద్యోగం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్పగలరా?

జవాబు:

నేను హెచ్ఆర్‌లో 18 ఏళ్లుగా పని చేస్తున్నాను. అందులో ఎక్కువ భాగం ఆసుపత్రుల్లోనే గడిచింది. అందుకే వార్డులో పని చేసే స్టాఫ్ నర్సు ఉద్యోగాన్నే తీసుకుంటాను. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మీ సిలబస్‌లో బార్స్ అని ఒక రేటింగ్ స్కేలు ఉంటుంది చూడండి, ప్రవర్తనలను ఉదాహరణలుగా పెట్టి మార్కులు వేసే స్కేలు. 1963లో స్మిత్, కెండాల్ దాన్ని మొదట తయారు చేసింది నర్సుల కోసమే.

ముందు ఒక ఫారం గురించి చెబుతాను. నేను పని చేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుల అప్రైజల్ ఫారంలో పది వరుసలు ఉండేవి: సమయపాలన, క్రమశిక్షణ, చొరవ, సహకారం, పని పరిజ్ఞానం, ఇలా. ఒక్కోదానికి ఐదు మార్కులు. మార్చి నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఇన్‌చార్జ్ సిస్టర్ కూర్చుని తన వార్డులోని ఇరవై పైచిలుకు ఫారాలు ఒకేసారి నింపేసేవారు. నేను ఆ ఫారాలన్నీ టేబుల్ మీద పరిచి చూశాను. ఒక్కో ఫారంలో పై నుంచి కింద దాకా 4, 4, 4, 3, 4, 4 అనే ఉంది. వార్డులో అందరూ ‘ఆవిడ డ్యూటీలో ఉంటే మాకు టెన్షన్ ఉండదు’ అనుకునే నర్సుకు, ఎప్పుడూ ఎవరో ఒకరు వెనకాల సరిచేయాల్సిన నర్సుకు మధ్య తేడా ఒకే ఒక్క మార్కు. ఆ మొదటి నర్సు రెండు నెలలకు రాజీనామా చేశారు. ఎందుకని అడిగితే, “ఎలా చేసినా అవే మార్కులు, అదే ఇంక్రిమెంటు కదా మేడం” అన్నారు.

మీ మూడు చాప్టర్లూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఆవిడకు పోయింది మోటివేషన్. దాన్ని పోగొట్టింది అప్రైజల్. ఆ అప్రైజల్ అలా తయారవడానికి కారణం, ఫారం రాసినవాళ్లు నర్సు చేసే పనిని ఒక్కసారైనా దగ్గర నుంచి చూడకపోవడం, అంటే జాబ్ అనాలిసిస్ లేకపోవడం. కాబట్టి పని మొదలుపెట్టాల్సింది ఫారం దగ్గర కాదు, వార్డు దగ్గర.

మాకు జాబ్ డిస్క్రిప్షన్ లేదని కాదు, ఉంది. ‘రోగులకు సకాలంలో మందులు ఇచ్చుట, వైద్యుల సూచనలు పాటించుట, రికార్డులు నిర్వహించుట’ అని ఒక పేజీ. అందులో తప్పేమీ లేదు, కానీ అది చదివితే నర్సు ఏం చేస్తుందో తెలుస్తుంది తప్ప మంచి నర్సుకూ మామూలు నర్సుకూ తేడా ఎక్కడొస్తుందో తెలియదు. అప్రైజల్‌కు కావాల్సింది ఆ తేడానే. పనుల జాబితా తయారు చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. ఆ జాబితా నియామకాలకు, శిక్షణకు బాగా పనికొస్తుంది. అప్రైజల్ కోసమైతే నేను ఎప్పుడూ క్రిటికల్ ఇన్సిడెంట్ పద్ధతినే ఎంచుకుంటాను.

ఈ పద్ధతిని జాన్ ఫ్లనగన్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యపు వైమానిక దళాల్లో పని చేస్తూ రూపొందించి, 1954లో పూర్తిగా రాసి ప్రచురించారు. పైలట్ శిక్షణ నుంచి కుర్రాళ్లను ఎందుకు తీసేశారని రికార్డులు చూస్తే, ‘సహజ సామర్థ్యం లేదు’, ‘స్వభావం సరిపోదు’ లాంటి మాటలే కనిపించేవి. అవి చదివి ఎవరికీ ఏమీ నేర్పలేం. అందుకని ఆయన గుణాలు అడగడం మానేసి సంఘటనలు అడిగారు. మా ఆసుపత్రి ఫారంలోని ‘చొరవ’, ‘సహకారం’ కూడా ఆ రికార్డుల్లోని మాటల్లాంటివే.

అడగడం ఎలాగో దగ్గర నుంచి చూపిస్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ముప్పై ఏళ్ల సర్వీసున్న ఒక ఇన్‌చార్జ్ సిస్టర్‌ను, “గత ఆరు నెలల్లో ఒక నర్సు చేసిన పని చూసి, అందరూ ఇలా చేస్తే ఎంత బాగుండు అని మీకు అనిపించిన సందర్భం ఒకటి చెప్పండి” అని అడిగాను.

“మన ఫలానా అమ్మాయి చాలా జాగ్రత్తగల పిల్లండీ” అన్నారు.

ఇది సంఘటన కాదు, అభిప్రాయం. ఇక్కడే రాసుకుని ఆపేస్తే మళ్లీ పాత ఫారమే వస్తుంది. “ఆ రోజు ఏం జరిగింది? ఎన్నింటికి? ఆ అమ్మాయి సరిగ్గా ఏం చేసింది?” అని అడిగాక అసలు విషయం వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి షిఫ్ట్ మారుతోంది. పగటి డ్యూటీ సిస్టర్ హ్యాండోవర్ గబగబా చెప్పేసి వెళ్లిపోయింది. 14వ బెడ్ షుగర్ పేషెంటుకు రాత్రి భోజనం ముందు ఇవ్వాల్సిన ఇన్సులిన్ గురించి ఏమీ చెప్పలేదు, మందుల చార్టులో సంతకమూ లేదు. పేషెంటు కొడుకుని అడిగితే, “ఇంకా ఇవ్వలేదమ్మా” అన్నాడు. చాలామంది అక్కడే ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. ఈ అమ్మాయి ఇవ్వలేదు. పేషెంటు వేలి మీద షుగర్ చూసి, పగటి సిస్టర్‌కు ఫోన్ చేసింది. ఆవిడ బస్టాప్‌లో ఉంది. “అయ్యో, ఇచ్చేశానే, సంతకం మర్చిపోయా” అంది. కొడుకు ఆ సమయంలో టిఫిన్ తేవడానికి కిందికి వెళ్లాడు. రెండో డోసు పడి ఉంటే రాత్రికి షుగర్ ప్రమాదకరంగా పడిపోయేది. ఆ అమ్మాయి డ్యూటీ డాక్టర్‌కు విషయం చెప్పి, చార్టులో సమయం వేసి నోట్ రాసింది.

ఇందులో సందర్భం ఉంది, మనిషి చేసిన పని ఉంది, దాని ఫలితం ఉంది. ఆ పని ఆ మనిషి చేతిలోనే ఉందని కూడా తేలుతోంది. ఈ నాలుగూ దొరికితేనే ఆ సంఘటనను తీసుకుంటాను. ఇలాంటివి మంచివీ చెడ్డవీ రెండూ కావాలి, నర్సుల నుంచి, ఇన్‌చార్జ్‌ల నుంచి, డ్యూటీ డాక్టర్ల నుంచి విడివిడిగా కావాలి. ఎన్ని చాలు అన్నదానికి ఫ్లనగన్ ఒక కొలత చెప్పారు: కొత్తగా వంద సంఘటనలు చేర్చినా రెండు మూడు కొత్త ప్రవర్తనలకు మించి రాకపోతే అక్కడ ఆపవచ్చు. మాకు అంత ఓపిక, అంత సమయం దొరకలేదు. చెప్పినవే మళ్లీ మళ్లీ వస్తున్నాయని తేలాక ఆపాం. చిన్న సంస్థల్లో అలాగే చేస్తారు, కానీ చేసింది అదేనని రిపోర్టులో రాయాలి.

పోగైన సంఘటనల్ని కుప్పలుగా పేరిస్తే మా వార్డు నర్సు ఉద్యోగంలో తేడా చూపించే విషయాలు ఐదే తేలాయి. వాటిలో షిఫ్ట్ హ్యాండోవర్ ఒకటి. పాత ఫారం పది వరుసల్లో ఈ హ్యాండోవర్ మాటే లేదు. సంఘటనల్లో మాత్రం అది అడుగడుగునా ఉంది. కొలవాల్సింది కొలతలోకి రాకపోవడాన్ని మీ పుస్తకం ప్రమాణ లోపం అంటుంది. దానికి తిరగేసింది ప్రమాణ కాలుష్యం, అంటే కొలవకూడనిది వచ్చి కలవడం. అదీ మా దగ్గర ఉండేది. పేషెంట్ల ఫీడ్‌బ్యాక్ మార్కుల్ని నర్సు అప్రైజల్‌లో కలిపేవాళ్లు. ఆ ఫీడ్‌బ్యాక్ కాగితాలు చదివితే లిఫ్ట్ పని చేయలేదని, బిల్లు ఆలస్యమైందని, భోజనం చల్లారిందని ఉండేది. డీలక్స్ రూముల్లో ఐదుగురిని చూసుకునే నర్సుకు, జనరల్ వార్డులో పదిహేను మందిని చూసుకునే నర్సుకు అదే కొలత వాడడం ఇంకా అన్యాయం.

ఇప్పుడు స్కేలు తయారీకి వద్దాం. స్మిత్, కెండాల్ పద్ధతిలో నాకు బాగా నచ్చే మెట్టు ఒకటుంది, పునరనువాదం అంటారు. సంఘటనల్ని మనం పెట్టిన శీర్షికల కింద నుంచి తీసేసి, చీటీలుగా కలిపి, ఈ పనితో ఇంతవరకూ సంబంధం లేని వేరే నర్సుల బృందానికి ఇస్తాం. ‘ఏ చీటీ ఏ శీర్షిక కిందికి వస్తుందో మీరే పెట్టండి’ అంటాం. ఎక్కువమంది, అంటే సాధారణంగా 60 నుంచి 80 శాతం మంది, మనం అనుకున్న శీర్షికలోనే పెడితే ఆ చీటీ ఉంటుంది, లేకపోతే పోతుంది. ‘పేషెంటు బంధువులకు ఆపరేషన్ ఖర్చు ఓపిగ్గా వివరించింది’ అన్న చీటీ మాకు ఎంతో ఇష్టంగా ఉండేది. కానీ సగం మంది దాన్ని మాట తీరు కింద, మిగతావాళ్లలో కొందరు పేషెంటు సంరక్షణ కింద, ఇంకొందరు ‘ఇది అసలు నర్సు పనే కాదు’ అని పక్కన పెట్టారు. తీసేశాం. ఆ మూడో మాట మాకు కళ్లు తెరిపించింది, ఎందుకంటే బిల్లింగ్ వాళ్ల పని నర్సుల మీద పడుతోందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

మిగిలిన చీటీలకు ఆ బృందం 1 నుంచి 7 దాకా విలువ వేస్తుంది, 7 అంటే చాలా మంచి పని. ఇక్కడ సగటు మాత్రమే చూస్తే మోసపోతాం. ఉదాహరణకు ఐదుగురు ఇన్సులిన్ సంఘటనకు 6, 7, 6, 6, 7 వేశారనుకోండి. సగటు 6.4, అందరి మాటా దగ్గర దగ్గరగా ఉంది, ప్రామాణిక విచలనం 0.55 మాత్రమే. ‘హ్యాండోవర్‌కు ముందే డ్యూటీ సమయం అయిపోయిందని, రాసిన నోట్స్ మాత్రం టేబుల్ మీద పెట్టి వెళ్లింది’ అన్నదానికి 2, 6, 3, 7, 4 వేశారనుకోండి. సగటు 4.4, చూడటానికి చక్కగా స్కేలు మధ్యలో పెట్టుకోవచ్చు అనిపిస్తుంది. కానీ విచలనం 2.07. అంటే అది మధ్యస్థమైన పని అని అందరూ అనడం లేదు. కొందరు బాగుందంటున్నారు, కొందరు తప్పంటున్నారు. విచలనం 1.5 దాటితే ఆ చీటీని స్కేలులోకి తీసుకోరు. అభిప్రాయభేదం ఉన్నచోట మార్కు పెడితే ఆ మార్కు నర్సు గురించి కాకుండా వేసేవారి గురించి చెబుతుంది.

చివరికి హ్యాండోవర్ స్కేలు ఇలా నిలువు గీతగా తయారవుతుంది. పైన 6, 7 మధ్య ఇన్సులిన్ సంఘటన. మధ్యలో 4 దగ్గర ‘బెడ్ పక్కన నిలబడే అప్పగిస్తుంది గానీ పెండింగ్ టెస్టులు అడిగితేనే చెబుతుంది’. కింద 2 దగ్గర ‘నర్సింగ్ స్టేషన్లోనే కూర్చుని, అంతా మామూలే అని చెప్పి వెళ్లిపోతుంది’. ఇన్‌చార్జ్ సిస్టర్ తన వార్డు నర్సు వీటిలో దేనికి దగ్గరగా ఉంటుందో చూసి గుర్తు పెడతారు, తాను చూసిన సంఘటన ఒకటి పక్కన రాస్తారు.

ఇక్కడ మీకు ఒక విషయం నిక్కచ్చిగా చెప్పాలి, పరీక్షల్లో చాలామంది దీన్ని వదిలేస్తారు. ఇంత కష్టపడి చేసిన బార్స్ స్కేలు మిగతా స్కేళ్ల కంటే ప్రతిసారీ మెరుగ్గా పని చేస్తుందని పరిశోధనలు తేల్చలేదు. లాండీ, ఫార్ 1980లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి, రేటింగ్ ఫారం ఆకారం మీద ఇక పరిశోధనలు కొంతకాలం ఆపండి, మనిషి తలలో మార్కు ఎలా తయారవుతుందో చూడండి అన్నారు. నా అనుభవమూ అదే చెబుతుంది. ఫారం ఎంత బాగున్నా మార్చిలో ఒకే మధ్యాహ్నం నింపితే చివరి రెండు నెలలే గుర్తుంటాయి. ఒక మనిషి మీద ఉన్న మంచి అభిప్రాయం అన్ని వరుసల్లోకీ పాకుతుంది. దీన్ని థార్న్‌డైక్ 1920లోనే సైనికాధికారుల రేటింగ్‌లలో పట్టుకుని హేలో అన్నారు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం, వీటికి వేసిన మార్కులన్నీ ఒకదానితో ఒకటి నమ్మలేనంతగా కలిసిపోయాయి.

మరి లాభం ఎక్కడొచ్చింది? మాకు రెండు చోట్ల వచ్చింది. ఇన్‌చార్జ్‌లందరూ చీటీల మీద వాదించుకున్నారు కదా, ‘మంచి హ్యాండోవర్ అంటే ఇది’ అని అందరికీ ఒకే లెక్క కుదిరింది. రెండోది, ప్రతి ఇన్‌చార్జ్‌కు ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చి, ఒక్కో నర్సుకు నెలకు కనీసం ఒక సంఘటన తేదీతో రాయమన్నాం. ఆ రాయడం సరిగ్గా సాగుతోందా లేదా అన్నది తేదీలు చూస్తే తెలిసిపోతుంది. ఫిబ్రవరి ఆఖరి వారంలో ఒకే పెన్నుతో పన్నెండు నెలలూ నిండితే అది నోట్‌బుక్ కాదు. అలా రెండు వార్డుల్లో జరిగింది. ఆ వార్డుల మార్కుల్ని ఆ ఏడాది ఇంక్రిమెంటుకు వాడొద్దని చెప్పాం.

ఇక మోటివేషన్. రాజీనామా చేసిన నర్సు మాటను 1964 నాటి వ్రూమ్ సిద్ధాంతంతో చదవండి. కష్టపడితే పని బాగా వస్తుందా, పని బాగా వస్తే ప్రతిఫలం వస్తుందా, ఆ ప్రతిఫలం నాకు విలువైనదేనా, ఈ మూడూ ఒకదాంతో ఒకటి హెచ్చవేసుకుంటాయి. హెచ్చవేత కాబట్టి ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. ఆవిడకు మొదటిది బలంగా ఉంది, తన పని మీద తనకు నమ్మకం ఉంది. మూడోదీ ఉంది, ఇంక్రిమెంటు కావాలి. మధ్యదే తెగిపోయింది. ఇలాంటి మనిషికి ‘బెస్ట్ నర్స్’ అవార్డు ఇచ్చినా, స్ఫూర్తిదాయకమైన ఉపన్యాసం ఇప్పించినా ఆ మధ్య లింకు అతకదు. పనిలో తేడా మార్కులో కనిపించాలి, అప్పుడే అతుకుతుంది. అందుకే మోటివేషన్ సమస్య అని ఎవరైనా వస్తే నేను ముందు అప్రైజల్ కాగితాలు అడుగుతాను.

మార్కు సరిగ్గా వేయగానే పని అయిపోదు, దాన్ని చెప్పే తీరు కూడా పాడు చేయగలదు. మేయర్, కే, ఫ్రెంచ్ అనే ముగ్గురు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేసిన అధ్యయనం 1965లో వచ్చింది. అప్రైజల్ సమావేశంలో ఎక్కువ విమర్శ ఎదుర్కొన్నవాళ్లు సమర్థించుకోవడంలోనే పడిపోయారు, ఎక్కువ విమర్శించిన విషయాల్లోనే తక్కువ మెరుగయ్యారు. జీతం మాటా పని నేర్పే మాటా ఒకే సమావేశంలో వద్దు, విడదీయండి అని వాళ్ల సలహా. జీతం సంగతి తేలేదాకా ఎదుటి మనిషి చెవికి ఇంకేదీ ఎక్కదు. 1996లో క్లూగర్, డెనిసి ఎన్నో ప్రయోగాలను కలిపి చూస్తే, సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది గానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. చూపు పని మీద నుంచి ‘నేనెలాంటిదాన్ని’ అన్నదాని మీదకు మళ్లితే ఇలా జరుగుతుందని వాళ్ల వివరణ. ‘నీకు శ్రద్ధ తక్కువమ్మా’ అంటే మనసు అక్కడే ఆగిపోతుంది. ‘మొన్న 9వ బెడ్ దగ్గర పొటాషియం రిపోర్టు రావాల్సి ఉందని అప్పగించేటప్పుడు చెప్పలేదు, రేపటి నుంచి పెండింగ్ టెస్టులే ముందు చెప్పు’ అంటే రేపు చేయడానికి ఒక పని దొరుకుతుంది. ఆ రెండో మాట అనాలంటే ఇన్‌చార్జ్ చేతిలో తేదీ వేసిన సంఘటన ఉండాలి. జాబ్ అనాలిసిస్‌లో వాడిన చీటీయే ఇక్కడ మళ్లీ పనికొచ్చింది.

ప్రభుత్వోద్యోగులున్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ‘రహస్య నివేదిక’ అన్న మాట గుర్తుంటుంది. ఏం రాశారో ఉద్యోగికి తెలియకుండానే ప్రమోషన్ ఆగిపోయేది. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలంది. అక్కడ ఆయనకు వచ్చిన ఎంట్రీ ‘గుడ్’. చెడ్డ రిమార్కు కాదు, కానీ ప్రమోషన్‌కు కావాల్సింది ‘వెరీ గుడ్’. తెలిస్తేనే కదా దాని మీద అభ్యంతరం చెప్పేది, సరిదిద్దుకునేది. 2009లో కేంద్రం ఈ నివేదిక పేరు మార్చి, పూర్తి నివేదికను ఉద్యోగికి చూపించమని ఆదేశించింది. మార్కు దాస్తే వ్రూమ్ చెప్పిన మధ్య లింకు కంటికి కనిపించదు. ఆ లింకు ఉన్నా లేనట్టే.

మేం చేసిన తప్పు ఒకటి చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. మొదటి ఏడాది మందుల తప్పిదాల రిపోర్టుల సంఖ్యను కూడా మార్కుల్లో కలిపాం. తక్కువ రిపోర్టులుంటే ఎక్కువ మార్కులు. మూడు నెలల్లో రిపోర్టులు దాదాపు ఆగిపోయాయి. మేనేజ్‌మెంట్ సంతోషించింది. నర్సింగ్ సూపరింటెండెంట్ మాత్రం నమ్మలేదు. ఆవిడ చార్టుల్లో సంతకం లేని డోసులు లెక్క పెట్టించారు, వార్డు నుంచి ఫార్మసీకి తిరిగి వచ్చిన మందులతో పోల్చారు. తప్పిదాలు మునుపటిలాగే ఉన్నాయి, చెప్పడం మాత్రమే మానేశారు. ఆ వరుస తీసేసి, తప్పు జరిగితే గంటలోపు చెప్పడాన్ని మంచి ప్రవర్తనగా స్కేలులో పెట్టాం. ఒక అంకె అకస్మాత్తుగా బాగుపడితే, అదే విషయాన్ని ఆ అంకె మీద ఆధారపడని ఇంకో దారిలో లెక్కపెట్టి చూడాలని నాకు అర్థమైంది అక్కడే.

ఈ పని అంతా ఒకసారి చేస్తే శాశ్వతంగా ఉంటుందనుకోకండి. కొన్నేళ్లకు ఆ వార్డుల్లోకి ట్యాబ్‌లు వచ్చాయి. మందు ఇచ్చినట్టు టిక్ పెట్టకపోతే స్క్రీన్ ముందుకు కదలదు. సంతకం మర్చిపోవడం అనే తప్పే లేకుండా పోయింది. దాని బదులు, ట్రాలీ తోసుకుంటూ ముందే నాలుగు బెడ్లకు టిక్‌లు పెట్టేసి, తర్వాత ఒక్కొక్కరికీ ఇచ్చుకుంటూ వెళ్లడం మొదలైంది. మధ్యలో ఎవరైనా పిలిస్తే స్క్రీన్ మీద ఇచ్చినట్టు ఉంటుంది, పేషెంటుకు అందదు. మా స్కేలులో 6, 7 మధ్య ఉన్న ఇన్సులిన్ సంఘటన ఇక ఎవరికీ జరగదు. అందుకని మళ్లీ నోట్‌బుక్‌లు పట్టుకుని వార్డుకు వెళ్లాం, “గత ఆరు నెలల్లో” అని మొదలుపెట్టి అదే ప్రశ్న అడిగాం.